అదే పిన్ను, మూడు కొలతలు

మెషిన్ షాపుల్లో తరచూ నడిచే తగువు ఒకటుంది. మెషిన్ మీదున్న ఆపరేటర్ పిన్ను కొలిచి సైజు సరిపోయిందంటాడు. ఇన్‌స్పెక్షన్‌లో అదే పిన్ను రిజెక్టవుతుంది. సూపర్‌వైజర్ వచ్చి కొలిస్తే మూడో అంకె వస్తుంది. "మైక్రోమీటర్‌కి మొన్ననే కాలిబ్రేషన్ అయిందండీ, స్టిక్కర్ చూడండి" అంటారెవరో. అయింది నిజమే. అయితే ఆ సర్టిఫికెట్ ల్యాబులో, నిలకడైన ఉష్ణోగ్రతలో, ఒక నిపుణుడి చేతిలో పరికరం ఎలా ఉందో చెబుతుంది. మన షాపులో, మన ముగ్గురి చేతుల్లో, ఈ పిన్ను మీద అదెలా నడుస్తుందో చెప్పదు. అది తేల్చేదే గేజ్ ఆర్ అండ్ ఆర్ పరీక్ష.

ఈ రెండు 'ఆర్'లలో మొదటిది రిపీటబిలిటీ. ఒకే మనిషి అదే పిన్నును మళ్ళీ మళ్ళీ కొలిస్తే అంకెలు ఎంత చెదురుతున్నాయన్నది. రెండోది రిప్రొడ్యూసిబిలిటీ. మనిషి మారితే సగటు ఎంత జరుగుతోందన్నది.

ఒక ఉదాహరణ చూద్దాం. గ్రైండింగ్ చేసిన 20 మిల్లీమీటర్ల ఉక్కు పిన్ను. డ్రాయింగ్‌లో టాలరెన్స్ ±0.010 మిల్లీమీటర్లు, అంటే ఈ కొస నుంచి ఆ కొసకి 20 మైక్రాన్లు. చేతిలో ఉన్నది ఒక్కో మైక్రాన్ చూపే డిజిటల్ మైక్రోమీటర్. వేర్వేరు రోజుల ఉత్పత్తి నుంచి 10 పిన్నులు ఏరి నంబర్లు వేస్తారు. ముగ్గురు ఇన్‌స్పెక్టర్లు ఒక్కోదాన్ని మూడేసిసార్లు, వరస కలిపేసి కొలుస్తారు. మొత్తం 90 రీడింగులు. రాసేవారు వేరే ఉండాలి. నిన్న వచ్చిన అంకె కళ్ళముందుంటే, ఎంత నిజాయితీపరుడి చెయ్యైనా తెలియకుండానే అటే మొగ్గుతుంది.

ఒకే పిన్ను మీద ఒకే మనిషి మూడు రీడింగుల్లో పెద్దదానికీ చిన్నదానికీ తేడా సగటున 2.2 మైక్రాన్లు వచ్చిందనుకుందాం. ముగ్గురి సగటుల మధ్య ఎక్కువలో ఎక్కువ తేడా 2.6. పట్టికలోని గుణకాలతో లెక్కిస్తే రిపీటబిలిటీ 1.30, రిప్రొడ్యూసిబిలిటీ 1.34 మైక్రాన్లు. వీటిని నేరుగా కూడకూడదు. వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 1.87. దానికి ఆరు రెట్లు, అంటే సుమారు 11.2 మైక్రాన్లు, కొలత తనంతట తాను చెదిరే మేర. 20 మైక్రాన్ల టాలరెన్స్‌లో అది 56 శాతం. ఆటోమొబైల్ పరిశ్రమలో వాడుకలో ఉన్న నియమం ప్రకారం 10 శాతం లోపైతే మంచిది, 30 దాటితే పనికిరాదు. మధ్యలో ఉంటే పని ప్రాముఖ్యాన్ని, ఖర్చును చూసుకుని నిర్ణయించుకోవాలి.

ఇక్కడే చాలామంది కొత్త పరికరానికి ఆర్డరు పెట్టేస్తారు. ముందు చేతులు చూడాలి. ఒకరు రాట్చెట్ తిప్పకుండా థింబుల్ పట్టుకుని బిగిస్తారు. ఇంకొకరు గ్రైండర్ నుంచి తీసిన వెచ్చటి పిన్నును అలాగే కొలుస్తారు. 20 మిల్లీమీటర్ల ఉక్కు పిన్ను పది డిగ్రీలు వేడెక్కితే 2.3 మైక్రాన్లు లావవుతుంది. పిన్ను పూర్తి గుండ్రంగా లేకపోతే కొలిచే చోటు మారినా అంకె మారుతుంది. అది పిన్ను దోషం, నింద మాత్రం గేజ్ మీద పడుతుంది. అందుకే కొలవాల్సిన చోట మార్కర్‌తో గీత పెట్టాలి. ఇవన్నీ సరిచేసి, మైక్రోమీటర్‌ని స్టాండులో బిగించి మళ్ళీ కొలిస్తే, మొదటి తేడా 1.0కీ రెండోది 0.6కీ దిగిందనుకోండి. ఫలితం సుమారు 20 శాతం.

20 శాతమంటే నాలుగు మైక్రాన్ల చెదురు, అటు రెండు, ఇటు రెండు. 20.009 చూపిన పిన్ను నిజానికి 20.011 ఉండవచ్చు. హద్దుకు దూరంగా ఉన్న పిన్నులకు చిక్కులేదు. తగువంతా హద్దు దగ్గరే. నా దృష్టిలో, బేరింగులో కూర్చునే పిన్నుకి ఇది చాలదు. మాస్టర్ పిన్నుతో సరిపోల్చి మైక్రాన్‌లో పదో వంతు చూపే ఎలక్ట్రానిక్ కంపారేటర్ తెచ్చి, దానికీ ఇదే పరీక్ష పెట్టాలి.

ఒక్కటి మరవకూడదు. ముగ్గురూ ఒకేలా మూడు మైక్రాన్లు ఎక్కువ చదివితే ఈ పరీక్ష పట్టుకోలేదు. ఆ తప్పు చూపేది కాలిబ్రేషనే. రెండూ కావాలి.

అలాగని ఆ మైక్రోమీటర్‌ని పక్కన పడేయనక్కర్లేదు. అవే చేతులతో, అదే స్టాండులో, ±0.050 టాలరెన్స్ ఉన్న ఇలాంటి పిన్నునే కొలిస్తే దాని చెదురు నాలుగు శాతమే.