బల్ల మీది పుస్తకం, రెండు బాణాలు

మా అక్క కూతురు ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. మొన్న ఆదివారం ఫిజిక్స్ నోట్సు తెచ్చి నా ముందు పెట్టింది. "మామయ్యా, ఈ బొమ్మ తప్పని కొట్టేశారు. ఎక్కడ తప్పో ఎంత చూసినా అర్థం కావట్లేదు" అంది.

చూస్తే బొమ్మ చక్కగానే ఉంది. ఒక బల్ల, దాని మీద పుస్తకం. పుస్తకం మధ్య నుంచి కిందికి ఒక బాణం, పైకి ఒక బాణం, రెండూ స్కేలు పెట్టి సమానంగా గీసింది. కింది బాణం పక్కన 'భారం, చర్య' అనీ, పై బాణం పక్కన 'అభిలంబ బలం, ప్రతిచర్య' అనీ రాసింది. వాటి మీదే ఎర్ర సిరా గీత పడింది.

నిజానికి ఆ అమ్మాయి గీసిన బాణాలు రెండూ సరైనవే, వాటి పొడవులూ సరైనవే. తప్పంతా పక్కన రాసిన ఆ రెండు మాటల్లో ఉంది. చాలామంది పెద్దవాళ్లు కూడా బడిలో ఇలాగే నేర్చుకుని, ఇప్పటికీ ఇదే నిజమనుకుంటున్నారు. అందుకే ఆ రోజు మేమిద్దరం కూర్చుని బొమ్మను మొదటి నుంచి గీశాం. ఎలా గీశామో చెబుతాను.

ఫ్రీ బాడీ డయాగ్రమ్ అంటే ఒక్క వస్తువును చుట్టుపక్కల వాటన్నిటి నుంచీ విడదీసి గీసే బొమ్మ. మన పాఠ్యపుస్తకాల్లో దీన్ని స్వేచ్ఛా వస్తు పటం అంటారు. ఇక్కడ మనకు కావలసిన వస్తువు పుస్తకం. కాబట్టి ముందుగా చేయాల్సిన పని బల్లను చెరిపేయడం. తెల్ల కాగితం మీద పుస్తకానికి బదులు ఒక చిన్న డబ్బా గీసినా చాలు, చుక్క పెట్టినా చాలు. బల్ల, నేల, గది ఏవీ అందులో ఉండకూడదు. వాటి బదులు అవి పుస్తకం మీద వేసే బలాలు మాత్రమే బాణాలుగా వస్తాయి.

ఇప్పుడు ఒకే ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఈ పుస్తకాన్ని ఎవరెవరు లాగుతున్నారు, ఎవరెవరు నెడుతున్నారు? తాకకుండా లాగేది ఒక్క భూమే. పుస్తకం ఒక కిలో అనుకుంటే ఆ లాగుడు 9.8 న్యూటన్లు. ఇక తాకుతున్నవి ఏమిటో పుస్తకం చుట్టూ వేలు తిప్పి చూడాలి. అడుగున బల్ల తాకుతోంది. అది పైకి నెడుతుంది. చుట్టూ గాలి కూడా తాకుతోంది కదా అని మా అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. గాలి పుస్తకాన్ని పైకి తేల్చే బలం ఒకటిన్నర గ్రాముల బరువుకు అటూ ఇటూగా ఉంటుంది. కిలో ముందు అది లెక్కలోకి రాదు కాబట్టి వదిలేస్తాం. అంతే, బొమ్మ పూర్తయింది. కిందికి ఒక బాణం, పైకి ఒక బాణం.

ఒక్కో బాణం పక్కన ఏం రాయాలన్నదే అసలు విషయం. వట్టి 'భారం' అని రాసి వదిలేయకుండా 'పుస్తకం మీద భూమి లాగుడు' అని రాయమన్నాను. రెండోదాని పక్కన 'పుస్తకం మీద బల్ల నెట్టుడు'. దేని మీద, దేని వల్ల అనే రెండు పేర్లూ ప్రతి బాణానికీ ఉండాలి. ఆ రెండో పేరు రాయలేకపోయామంటే ఆ బలం ఊహించుకున్నదే, దాన్ని చెరిపేయాలి.

ఇక్కడ చాలామంది పిల్లలకు ఒక అనుమానం వస్తుంది. బల్ల నెట్టడం ఏమిటి, అది ఊరికే అడ్డంగా ఉంది కదా అని. అమెరికాలో జిమ్ మిన్‌స్ట్రెల్ అనే ఫిజిక్స్ ఉపాధ్యాయుడు తన తరగతిలో సరిగ్గా ఈ బల్ల మీది పుస్తకం గురించే పిల్లలతో చర్చించి, 1982లో ది ఫిజిక్స్ టీచర్ పత్రికలో వ్యాసం రాశారు. బల్ల ఏ బలమూ వేయదు, పుస్తకం పడకుండా దారికి అడ్డుగా ఉందంతే అని నమ్మే పిల్లలు ఆ తరగతిలోనూ ఉన్నారు. ఆ నమ్మకం పిల్లల తెలివితక్కువతనం కాదు. బల్ల కదలడం, వంగడం కంటికి కనిపించదు మరి.

కనిపించేలా చేయవచ్చు. ముందు పుస్తకాన్ని అరచేతి మీద పెట్టుకుని చేయి చాచాలి. కాసేపటికే చేయి నొప్పి పుడుతుంది, పైకి నెడుతున్నది మనమేనని తెలుస్తుంది. తరవాత అదే పుస్తకాన్ని దూది దిండు మీద పెట్టాలి. దిండు కొంత అణిగి ఆగుతుంది. అణిగిన దిండు తిరిగి లేవాలని చూస్తూ పుస్తకాన్ని నెడుతుంది. ఆ తరవాత రెండు ఇటుకల మధ్య సన్నని చెక్క వేసి దాని మీద పెడితే చెక్క కాస్త వంగి ఆగుతుంది. బల్ల కూడా ఇలాంటి చెక్కే, కాకపోతే మందంగా ఉంటుంది. వంగేది వెంట్రుక మందం కన్నా చాలా తక్కువ కాబట్టి మనకు తెలియదు. బల్ల మీద చిన్న అద్దం పెట్టి, లేజర్ టార్చి వెలుగును దాని మీదుగా దూరపు గోడ మీదికి పంపి, అద్దం పక్కన గట్టిగా నొక్కితే గోడ మీది చుక్క జరుగుతుంది. బల్ల వంగిందనడానికి అదే సాక్ష్యం. ఎంత వంగితే పుస్తకం బరువును ఆపగలదో అంతే వంగి ఆగుతుంది. అందుకే బల్ల నెట్టుడు ఇంత అని ముందే నిర్ణయమై ఉండదు, అవసరాన్ని బట్టి పెరుగుతుంది, తరుగుతుంది.

ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మా అమ్మాయి తప్పు దానంతటదే బయటపడుతుంది. పుస్తకం మీద చేయి పెట్టి 5 న్యూటన్ల బలంతో నొక్కమన్నాను. ఇప్పుడు పుస్తకం బొమ్మలో కిందికి రెండు బాణాలు: భూమి లాగుడు 9.8, చేతి నెట్టుడు 5. పుస్తకం కదలడం లేదు కాబట్టి బల్ల 14.8 న్యూటన్లతో పైకి నెడుతూ ఉండాలి. మరి చర్య, ప్రతిచర్య ఎప్పుడూ సమానమని న్యూటన్ మూడో నియమం చెబుతుంది. భారానికి ప్రతిచర్య బల్ల నెట్టుడే అయితే 9.8కి 14.8 ఎలా సమానం అవుతుంది? నియమమైనా తప్పాలి, జత అయినా తప్పాలి. తప్పింది జతే.

అయితే మొదట ఆ రెండూ సమానంగా ఎందుకున్నాయి? పుస్తకం నిశ్చలంగా ఉంది కాబట్టి. నిశ్చలంగా ఉన్న వస్తువు మీద బలాలన్నీ కలిపితే సున్నా రావాలి. పుస్తకం మీద రెండే బలాలు ఉన్నప్పుడు అవి సమానంగా, ఎదురెదురుగా ఉండక తప్పదు. ఇది మొదటి, రెండో నియమాలు చెప్పే మాట. మూడో నియమానికి దీనితో పని లేదు. 1687లో అచ్చయిన న్యూటన్ గ్రంథంలోనే ఆ మూడో నియమం రెండు వస్తువులు ఒకదాని మీద ఒకటి వేసుకునే బలాల గురించి మాట్లాడుతుంది. ఒకే వస్తువు మీద పడే రెండు బలాల గురించి కాదు.

మరి అసలు జతలు ఏవి? మనం బాణాల పక్కన రెండు పేర్లు రాసుకున్నాం కదా, ఆ పేర్లను తారుమారు చేస్తే చాలు. 'పుస్తకం మీద బల్ల నెట్టుడు' అన్నదాన్ని తిప్పితే 'బల్ల మీద పుస్తకం నెట్టుడు' వస్తుంది. ఒకటి పైకి, ఒకటి కిందికి. రెండూ తాకడం వల్ల పుట్టినవే, రెండూ 9.8 న్యూటన్లే. చేత్తో నొక్కితే రెండూ ఒకేసారి 14.8 అవుతాయి.

'పుస్తకం మీద భూమి లాగుడు' అన్నదాన్ని తిప్పితే 'భూమి మీద పుస్తకం లాగుడు' అవుతుంది. ఇక్కడ మా అమ్మాయి నవ్వింది. "పుస్తకం భూమిని లాగుతుందా మామయ్యా?" అంది. లాగుతుంది, అదీ సరిగ్గా 9.8 న్యూటన్లతోనే. కాకపోతే భూమి ద్రవ్యరాశి సుమారు 6 పక్కన 24 సున్నాలు పెడితే వచ్చినన్ని కిలోలు. అంత పెద్ద వస్తువును 9.8 న్యూటన్లు ఏ పరికరానికీ అందనంత తక్కువగా కదిలించగలవు. బలాలు సమానమే, వాటి ఫలితాలు సమానం కావు. బల్లను ఒక్కసారిగా లాగేసి పుస్తకం కింద పడుతున్నా ఈ జత అలాగే ఉంటుంది. బల్లతో ఉన్న జత మాత్రం తాకడం పోగానే పోతుంది. జతలో ఒకటి పోయి ఇంకొకటి మిగలడం ఎన్నటికీ జరగదు. భారం, అభిలంబ బలం జత కావని దీన్ని బట్టి కూడా తేల్చుకోవచ్చు: బల్ల తీస్తే రెండోది పోతుంది, మొదటిది ఉంటుంది.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు దీన్ని లిఫ్ట్‌లో పరీక్షించవచ్చు. వంటింట్లో పిండి తూచే డిజిటల్ త్రాసును లిఫ్ట్ నేల మీద పెట్టి, దాని మీద కిలో పుస్తకం ఉంచండి. ఆగి ఉన్నప్పుడు 1000 గ్రాములు చూపిస్తుంది. లిఫ్ట్ పైకి బయలుదేరేటప్పుడు సెకనుకు సెకనుకు ఒక మీటరు చొప్పున వేగం పుంజుకుంటోందనుకుందాం. అప్పుడు పుస్తకం నిశ్చలంగా లేదు, దాని మీద పైకి 1 న్యూటన్ మిగలాలి. భూమి లాగుడు మారదు, 9.8 అలాగే ఉంది. కాబట్టి త్రాసు 10.8 న్యూటన్లతో నెట్టాలి. తెర మీద అంకె ఆ కాసేపూ 1100 గ్రాముల దాకా పోతుంది. వేగం నిలకడకు రాగానే మళ్లీ 1000. పైన ఆగబోయేటప్పుడు 900 దగ్గరికి పడిపోతుంది. అంకె ఇంత పైకీ కిందికీ ఊగినా, పుస్తకాన్ని త్రాసు నెట్టే బలం, త్రాసును పుస్తకం నెట్టే బలం మాత్రం ప్రతి క్షణమూ సమానంగానే ఉన్నాయి.

ఇప్పుడు బల్లకు విడిగా బొమ్మ గీస్తే మనం నేర్చుకున్నది నిలిచిందో లేదో తెలుస్తుంది. బల్ల పది కిలోలు అనుకుందాం. భూమి లాగుడు 98 న్యూటన్లు కిందికి. నేల నాలుగు కాళ్ల మీదా కలిపి పైకి నెట్టేది 107.8. మిగిలిన 9.8 కిందికి, పుస్తకం వల్ల. ఇక్కడ దాదాపు అందరూ 'పుస్తకం భారం' అని రాసేస్తారు, అంకె సరిపోతుంది కాబట్టి ఎవరూ అడగరు. కానీ పుస్తకం భారం అంటే పుస్తకం మీద భూమి వేసే బలం. అది బల్ల మీద పడేది కాదు. బల్ల మీద పడేది పుస్తకం నెట్టుడు. ఇదే బల్లను లిఫ్ట్‌లో పెడితే అంకె కూడా సరిపోదు, అప్పుడు తప్పు దొరికిపోతుంది.

మా అమ్మాయి చివరికి పాత బొమ్మ పక్కనే కొత్తది గీసింది. ఈసారి మూడు కాగితాలు పట్టాయి: పుస్తకానికి ఒకటి, బల్లకు ఒకటి, భూమికి ఒకటి. పుస్తకం కాగితంలో ఉన్న రెండు బాణాల్లో ఒకదాని జత బల్ల కాగితంలో ఉంది, రెండోదాని జత భూమి కాగితంలో ఉంది. మీ పిల్లల నోట్సు ఒకసారి తెరిచి చూడండి. ఒకే వస్తువు బొమ్మలో చర్య, ప్రతిచర్య రెండూ కనిపిస్తే ఆ బొమ్మ తప్పు.