వైవాలో లాస్ ఫంక్షన్: "వర్గమే ఎందుకు?" అని అడిగితే

మెషీన్ లెర్నింగ్ సిద్ధాంతం పేపరును చక్కగా రాసినవారు కూడా వైవాలో ఒకచోట తడబడుతుంటారు. ఎగ్జామినర్ మొదట "రేఖీయ రిగ్రెషన్‌లో ఏ లాస్ ఫంక్షన్ వాడతారు?" అని అడుగుతారు. దోషాల వర్గాల సగటు అని మీరు వెంటనే చెబుతారు. చిక్కంతా రెండో ప్రశ్నలో ఉంటుంది. "వర్గమే ఎందుకు? పరమ మూల్యం ఎందుకు కాదు?"

ధన, రుణ దోషాలు ఒకదానినొకటి రద్దు చేసుకోకుండా వర్గం చేస్తామని చాలామంది జవాబు చెబుతారు. కాని ఆ పని పరమ మూల్యం కూడా చేస్తుంది కదా! అవకలనం సులువవుతుందని మరికొందరు అంటారు. అదీ నిజమే, అయితే అది లెక్క చేసేవారి సౌకర్యం మాత్రమే. దానివల్ల డేటా గురించి ఏమీ తెలియదు. అసలు విషయం ఏమిటంటే, ప్రతి లాస్ ఫంక్షన్‌కూ తనదైన లక్ష్యం ఒకటి ఉంటుంది. డేటా గురించిన ఒక ఊహకూ దానికీ దగ్గరి సంబంధం ఉంటుంది. ఈ తీగ పట్టుకుంటే వైవాలో వచ్చే సగం ప్రశ్నల డొంక కదులుతుంది.

ముందు ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక వీధిలో ఐదు ఇళ్ళ అద్దెలు వేల రూపాయలలో 8, 9, 10, 11, 62 అనుకోండి. ఇన్‌పుట్‌లు ఏమీ లేవు. ఐదింటికీ కలిపి ఒకే సంఖ్య c ని అంచనాగా చెప్పాలి. మోడళ్ళలో ఇంతకంటే సరళమైనది ఉండదు.

వర్గ దోషం వాడితే, దోషాల వర్గాల మొత్తాన్ని c తో అవకలనం చేసి సున్నాకు సమానం చేయాలి. అప్పుడు దోషాల మొత్తం సున్నా కావాలని వస్తుంది. అంటే c అంకమధ్యమం కావాలి. ఇక్కడ అది 100ని 5తో భాగించగా వచ్చే 20. పరమ మూల్యం వాడితే కథ మారుతుంది. c కంటే పైనున్న ప్రతి విలువా దానిని ఒకే బలంతో పైకి లాగుతుంది, కిందనున్న ప్రతి విలువా అదే బలంతో కిందికి లాగుతుంది. రెండు వైపులా సమాన సంఖ్యలో విలువలు ఉన్నచోట c నిలుస్తుంది. అదే మధ్యగతం, ఇక్కడ 10. సరిచూసుకుందాం. c = 10 వద్ద వర్గాల మొత్తం 2710, c = 20 వద్ద 2210. పరమ మూల్యాల మొత్తం 10 వద్ద 56, 20 వద్ద 84. ఒకే డేటాపై రెండు లాస్‌లు రెండు వేర్వేరు జవాబులను ఎంచుకున్నాయి.

ఇక్కడ ఎగ్జామినర్ తప్పకుండా "అయితే ఏది సరైనది?" అని అడుగుతారు. మధ్యగతమే మేలని తొందరపడి చెప్పకండి. 62 అనేది 12కు బదులు పొరపాటున పడిన అంకె అయితే 10 చెప్పడమే సబబు. అది నిజంగానే ఒక పెద్ద బంగళా అద్దె అయి, వీధి మొత్తంపై వచ్చే అద్దె ఎంతో మీరు అంచనా వేయవలసి ఉంటే, 10ని ఐదుతో గుణించి 50 అంటారు. అసలు మొత్తం 100. కనుక "మనకు కావలసింది సగటా, నడిమి విలువా?" అని ముందు ఎదురు ప్రశ్న వేసుకుని, ఆ తరువాత జవాబు చెప్పే విద్యార్థి విషయం తెలిసినవాడని ఎగ్జామినర్‌కు అర్థమవుతుంది.

ఇప్పుడు ఊహల సంగతి చూద్దాం. లెజాండ్ర్ 1805లో కనిష్ఠ వర్గాల పద్ధతిని ప్రచురించినప్పుడు దానికి సంభావ్యతతో ముడిపెట్టలేదు. దోషాలు గంట ఆకారపు నార్మల్ విభాజనాన్ని అనుసరిస్తాయనుకుంటే ఈ పద్ధతి తనంతట తానే వస్తుందని గౌస్ 1809లో చూపాడు. అంటే వర్గం ముందు వచ్చింది, దాని వెనుక కారణం తరువాత వచ్చింది! ఆ కారణాన్ని కాగితం మీద మూడు వరుసలలో రాయడం మీకు రావాలి.

```
p(y) ∝ (1/σ) · exp( −(y − f)² / 2σ² )
L = p(y₁) · p(y₂) · … · p(yₙ)
−log L = Σ (yᵢ − fᵢ)² / 2σ² + n·log σ + c
```

ఇందులో y అసలు విలువ, f మోడల్ చెప్పిన విలువ, σ దోషాల ప్రామాణిక విచలనం. మొదటి వరుసలో నార్మల్ ఊహ ఉంది. వర్గం అక్కడి నుంచే వచ్చింది. రెండో వరుసలో సంభావ్యతలను గుణించాం. దోషాలు పరస్పరం స్వతంత్రమైతేనే అలా గుణించవచ్చు. మూడో వరుసలో σ అన్ని పరిశీలనలకూ ఒకటే అనుకున్నాం. అందువల్లనే f ను వెదికేటప్పుడు σ ను పక్కన పెట్టి, వర్గాల మొత్తాన్ని మాత్రమే కనిష్ఠం చేయగలుగుతున్నాం. మొదటి వరుసలో నార్మల్‌కు బదులు లాప్లాస్ విభాజనం పెడితే, ఘాతంలో వర్గం పోయి పరమ మూల్యం వస్తుంది. "ఏ వరుసలో ఏ ఊహ వాడారు?" అన్నది వైవాలో మంచి ప్రశ్న. వేలుపెట్టి చూపగలిగితే చాలు.

దీని వెంటే మరో ప్రశ్న వస్తుంది. "అయితే దోషాలు నార్మల్ కాకపోతే వర్గ దోషం వాడకూడదా?" ఇక్కడ అవునన్నవారు దొరికిపోతారు. వాడవచ్చు. దోషాల విభాజనం ఏదైనా, విస్తృతి పరిమితమైతే, వర్గ దోషం వెదికేది సగటునే. గౌస్-మార్కోవ్ సిద్ధాంతానికి కూడా నార్మల్ ఊహ అక్కరలేదు. మోడల్ రేఖీయమై, దోషాల సగటు సున్నా, విస్తృతి సమానం, వాటి మధ్య సహసంబంధం లేదు అంటే చాలు, నిష్పాక్షికమైన రేఖీయ అంచనాలలో కనిష్ఠ వర్గాల అంచనాకే విస్తృతి తక్కువ. నార్మల్ ఊహ ప్రధానంగా కావలసింది చిన్న నమూనాలలో టి-పరీక్షలకు, విశ్వాసాంతరాలకు. ఇన్‌పుట్‌లు నార్మల్‌గా ఉండాలని చెప్పేవారు ఇంకా ఉన్నారు. ఆ ఊహ రేఖీయ రిగ్రెషన్‌లో ఎక్కడా లేదు. మాట్లాడేది ఎప్పుడూ దోషాల గురించే.

ఊహ దెబ్బతిన్నదని ఎలా తెలుస్తుంది? మోడల్ చెప్పిన విలువను అడ్డంగా, మిగిలిన దోషాన్ని నిలువుగా పెట్టి గ్రాఫు గీయండి. మళ్ళీ అద్దెల ఉదాహరణే తీసుకుందాం. చిన్న ఇళ్ళలో అంచనా అయిదారు వందలు అటూ ఇటూ అయితే, పెద్ద ఇళ్ళలో అయిదారు వేలు అటూ ఇటూ అవుతుంది. చుక్కలు గరాటు ఆకారంలో విచ్చుకుంటాయి. అంటే σ అందరికీ ఒకటి కాదన్నమాట. అప్పుడు అద్దెకు బదులు దాని సంవర్గమానంతో పని చేయవచ్చు, లేదా పరిశీలనలకు భారాలు ఇవ్వవచ్చు. ఒక పరిశీలన σ మిగతావాటికి రెట్టింపైతే, పై సూత్రం ప్రకారమే దాని భారం నాలుగో వంతు అవుతుంది. చుక్కలు వంపు తిరిగి కనిపిస్తే మాత్రం లోపం σ లో లేదు, గీత సరళరేఖ కాదని అర్థం.

స్వతంత్రత ఊహ దెబ్బతింటే ఈ గ్రాఫులో కనిపించకపోవచ్చు. ఒకే అపార్ట్‌మెంటులోని ఇరవై ఇళ్ళ అద్దెలు తెచ్చి ఇరవై వరుసలుగా పెట్టారనుకోండి. అవి ఒకే యజమాన్యం, ఒకే సందు, ఒకే నీటి సరఫరా ఉన్న ఇళ్ళు. ఇరవై స్వతంత్ర సాక్ష్యాలు కావు. కనుక లెక్కలో వచ్చే ప్రామాణిక దోషం ఉండవలసిన దానికంటే చిన్నదిగా వస్తుంది. పైగా ఆ ఇళ్ళలో కొన్ని శిక్షణ డేటాలో, కొన్ని పరీక్ష డేటాలో పడితే మోడల్‌కు ఉన్నదానికంటే మంచి మార్కులు వస్తాయి. విభజించేటప్పుడు ఒక అపార్ట్‌మెంటు మొత్తాన్ని ఒకే వైపు ఉంచాలి.

ఇక వర్గీకరణకు వద్దాం. జవాబు 0 లేదా 1 మాత్రమే అయినప్పుడు గంట ఆకారపు దోషం అన్న ఊహే పొసగదు. బొమ్మా బొరుసూ వేసినట్టుండే బెర్నూలి విభాజనం తీసుకుని, పైన చేసినట్టే రుణ సంవర్గమానం రాస్తే క్రాస్-ఎంట్రపీ వస్తుంది. అసలు జవాబు 1 అయినప్పుడు మోడల్ 0.9 అంటే లాస్ సుమారు 0.105. మోడల్ గట్టి నమ్మకంతో 0.01 అంటే సుమారు 4.6. వర్గ దోషం ఈ రెండో సందర్భంలో 0.98 మాత్రమే, ఎంత తప్పు చెప్పినా 1 దాటదు.

"అయినా లాజిస్టిక్ రిగ్రెషన్‌లో వర్గ దోషం వాడితే ఏమవుతుంది?" అని అడిగితే కలం తీసి ఇలా రాయండి. z రేఖీయ భాగం, p దాని నుంచి సిగ్మాయిడ్ ఇచ్చే సంభావ్యత.

```
క్రాస్-ఎంట్రపీ: dL/dz = p − y
వర్గ దోషం:      dL/dz = 2(p − y) · p(1 − p)
```

y = 1, p = 0.01 అని పెట్టండి. మొదటిది −0.99. రెండోది సుమారు −0.0196, అంటే దాదాపు యాభయ్యో వంతు. మోడల్ ఘోరంగా తప్పు చెప్పినచోట గట్టిగా దిద్దవలసి ఉండగా, p(1 − p) అన్న గుణకం ఆ దిద్దుబాటును అణచివేస్తోంది. పైగా ఈ లాస్ కుంభాకారం కాదు గనుక కనిష్ఠం దొరకడం కూడా కష్టమవుతుంది. అంతమాత్రాన సంభావ్యతలకు వర్గ దోషం పనికిరాదని అనకండి. వాతావరణ సూచనల నాణ్యత కొలవడానికి బ్రయర్ 1950లో ప్రతిపాదించిన కొలమానం అదే, దానిని నేటికీ వాడుతున్నారు. ఇబ్బంది కొలవడంలో కాదు, సిగ్మాయిడ్ గుండా శిక్షణ ఇవ్వడంలో.

చివరగా కాస్త లోతైన ప్రశ్న ఒకటి. రెండు తరగతులను ఒక గీత పూర్తిగా విడదీయగలిగితే లాజిస్టిక్ రిగ్రెషన్ ఏమవుతుంది? అంతా సవ్యంగా ఉంటుందనిపిస్తుంది గాని, ఉండదు. విడదీసే గీత దొరికాక దాని గుణకాలన్నింటినీ రెట్టింపు చేస్తే ప్రతి p తన సరైన జవాబుకు మరింత దగ్గరవుతుంది, లాస్ ఇంకా తగ్గుతుంది. మళ్ళీ రెట్టింపు చేస్తే మళ్ళీ తగ్గుతుంది. లాస్ సున్నాను సమీపిస్తుందే తప్ప చేరదు, గుణకాలు అనంతం వైపు సాగిపోతాయి. సంభావ్యతలన్నీ 0.9999 వంటివిగా రావడం, గణన ఎన్ని చుట్లు తిరిగినా ఆగకపోవడం దీనికి గుర్తులు. గుణకాల వర్గాల మొత్తాన్ని λ తో గుణించి లాస్‌కు కలిపితే ఈ పరుగు ఆగుతుంది. అలా కలపడం కూడా ఒక ఊహే. గుణకాలు సున్నా చుట్టూ నార్మల్ విభాజనంలో ఉంటాయని, λ పెరిగేకొద్దీ ఆ విభాజనం సున్నా దగ్గరికి ఇంకా కుదించుకుంటుందని దాని అర్థం.