ఇచ్చింది భార్యకు, పన్ను భర్తకు

భర్త తన సంపాదనలోంచి భార్యకు 20 లక్షల రూపాయలు కానుకగా ఇస్తే, ఆ సొమ్ము మీద ఇద్దరిలో ఎవరూ పన్ను కట్టనక్కరలేదు. ఆ సొమ్ము మీద వచ్చే వడ్డీకి మాత్రం భర్తే పన్ను కట్టాలి. ఇవి రెండు వేర్వేరు నిబంధనలు. మొదటిది కానుకకు సంబంధించింది, రెండోది కానుక మీద పుట్టే ఆదాయానికి సంబంధించింది. మొదటిది చాలామందికి తెలుసు. రెండోది తెలియకపోవడం వల్లే నిజాయితీగా రిటర్న్ వేసేవాళ్లకూ నోటీసులు వస్తుంటాయి.

కానుక ఇచ్చినవారి మీద పన్ను వేసే గిఫ్ట్ ట్యాక్స్ చట్టం 1958లో వచ్చింది. 1998 అక్టోబర్ 1 నుంచి ఇచ్చే కానుకలకు అది వర్తించడం ఆగిపోయింది. ఇప్పుడు పన్ను పడితే పుచ్చుకున్నవారి మీదే పడుతుంది. ఒక ఆర్థిక సంవత్సరంలో బయటివాళ్ల నుంచి వచ్చిన డబ్బు మొత్తం 50 వేలు దాటితే, దాటిన భాగమే కాదు, మొత్తం ఆదాయం కింద లెక్కకు వస్తుంది. బంధువుల నుంచి వచ్చినదానికి, పెళ్లి సందర్భంగా పెళ్లికొడుకుకో పెళ్లికూతురికో వచ్చినదానికి, వీలునామా ద్వారా లేదా వారసత్వంగా వచ్చినదానికి ఈ పన్ను లేదు.

బంధువులు ఎవరో చట్టమే చెప్పింది. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, తాత ముత్తాతలు, పిల్లలు, మనవలు, తోబుట్టువులు, జీవిత భాగస్వామి తోబుట్టువులు, తల్లిదండ్రుల తోబుట్టువులు, వీరి భార్యలు, భర్తలు ఇందులోకి వస్తారు. అత్తమామలు, అల్లుడు, కోడలు కూడా ఉన్నారు. ఈ జాబితాను ఎప్పుడూ పుచ్చుకునేవారి వైపు నుంచి చూడాలి. మేనమామ మేనల్లుడికి 5 లక్షలు ఇస్తే పన్ను లేదు, ఎందుకంటే అతను మేనల్లుడికి తల్లి తోబుట్టువు. అదే మేనల్లుడు మేనమామకు 5 లక్షలు ఇస్తే మేనమామ పన్ను కట్టాలి. మేనమామ వైపు నుంచి చూసినప్పుడు తోబుట్టువు బిడ్డ ఆ జాబితాలో లేడు.

కానుక మీద పన్ను లేనంత మాత్రాన కథ ముగియదు. ఎక్కువ పన్ను కట్టే వ్యక్తి తన ఆస్తిని ఇంట్లో ఆదాయం లేనివారి పేరున పెట్టి పన్ను తగ్గించుకోకుండా చట్టం ఒక కట్టడి పెట్టింది. దాన్నే క్లబ్బింగ్ అంటారు. ఆస్తి భార్యదే అవుతుంది, ఆమె దాన్ని అమ్ముకోవచ్చు, ఖర్చు పెట్టుకోవచ్చు. దాని మీద వచ్చే ఆదాయాన్ని మాత్రం భర్త ఆదాయంలో కలుపుతారు. భార్య భర్తకు ఇచ్చినా ఇదే నియమం. 2026 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చే కొత్త ఆదాయపు పన్ను చట్టంలోనూ ఇది కొనసాగుతోంది.

పైన చెప్పిన 20 లక్షలనే తీసుకుంటే, భార్య ఆ డబ్బును 7 శాతం వడ్డీకి ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసిందనుకుందాం. మొదటి ఏడాది వడ్డీ 1,40,000. భర్త 30 శాతం స్లాబులో ఉంటే, 4 శాతం సెస్‌తో కలిపి ఈ వడ్డీ మీద అతను కట్టాల్సిన పన్ను 43,680 రూపాయలు. భార్యకు వేరే ఆదాయం లేకపోతే ఆమె లెక్కలో ఈ పన్ను సున్నా అయ్యేది. రెండో ఏడాది భార్య ఆ 1,40,000 వడ్డీని వేరే డిపాజిట్‌గా వేస్తే దాని మీద 9,800 వస్తుంది. ఈ 9,800 పూర్తిగా ఆమె ఆదాయం. ఆదాయం మీద పుట్టిన ఆదాయం క్లబ్బింగ్‌లోకి రాదు. అసలు మీద వచ్చే 1,40,000 మాత్రం ఏటా భర్త ఖాతాలోకే వెళ్తుంది. వడ్డీని అసలులో కలిపి అదే డిపాజిట్‌లో ఉంచేస్తే ఈ రెంటినీ విడదీయడం కొన్నేళ్లకు కష్టమవుతుంది. అందుకే వడ్డీకి వేరే ఖాతా పెట్టుకోవడం మంచిది.

డబ్బు రూపం మారినా నియమం మారదు. భార్య ఆ డిపాజిట్ తీసేసి షేర్లు కొన్నా, స్థలం కొన్నా, అమ్మినప్పుడు వచ్చే లాభం భర్త లెక్కలోకే వస్తుంది. ఆమె సొంత డబ్బు కూడా కలిస్తే వాటా ప్రకారం విడదీయాలి. భర్త ఇచ్చిన 40 లక్షలకు తన జీతంలో దాచుకున్న 20 లక్షలు చేర్చి ఆమె ఫ్లాట్ కొన్నదనుకుందాం. ఏడాదికి అద్దె 2,40,000. ఇంటి అద్దెకు చట్టం ఇచ్చే 30 శాతం తగ్గింపు పోను 1,68,000 మిగులుతుంది. అందులో మూడింట రెండు వంతులు, అంటే 1,12,000 భర్తది. మిగిలిన 56,000 ఆమెది.

పెళ్లికి ముందు కాబోయే భార్యకు ఇచ్చిన ఆస్తికి ఈ కట్టడి లేదు. ఇచ్చిన రోజునా, ఆదాయం వచ్చిన రోజునా ఇద్దరూ భార్యాభర్తలై ఉండాలని 1963లో సుప్రీంకోర్టు తేల్చింది. విడిగా ఉండడానికి చేసుకున్న ఒప్పందం ప్రకారం ఇచ్చిన ఆస్తికీ క్లబ్బింగ్ ఉండదు. కానుకగా కాకుండా తగిన వడ్డీకి నిజమైన అప్పుగా ఇవ్వడం కూడా చట్టం ఒప్పుకునే దారే. అయితే పత్రం రాసుకోవాలి, వడ్డీ బ్యాంకు ద్వారా నిజంగా చేతులు మారాలి, ఆ వడ్డీని భర్త తన ఆదాయంగా చూపాలి. ఇద్దరు అన్నదమ్ములు ఒకరి భార్యకు మరొకరు అంతే మొత్తం ఇచ్చుకోవడం లాంటి ఎదురు కానుకలు నిలవవు. అవి ఒకే ఏర్పాటులో భాగమైతే కోర్టులు వాటిని దాటి అసలు ఇచ్చినవారినే చూస్తాయి.

ఆచరణలో చిక్కు ఎక్కువగా వచ్చేది రిటర్న్ దగ్గర. డిపాజిట్ భార్య పేరున ఉంటుంది కాబట్టి బ్యాంకు ఆమె పాన్ మీదే టీడీఎస్ కోస్తుంది. ఆమె ఆ వడ్డీని తన రిటర్న్‌లో చూపి, టీడీఎస్ వాపసు తీసుకుంటుంది. ఇద్దరూ పని సరిగ్గా చేశామనే అనుకుంటారు. కానీ చట్టం దృష్టిలో భర్త ఆదాయం తక్కువ చూపినట్టు. బయటపడితే పన్ను, దాని మీద వడ్డీతో పాటు, ఆ పన్నులో సగం జరిమానాగా పడే అవకాశం ఉంది. సరైన పద్ధతిలో భర్త తన రిటర్న్‌లోని ఎస్‌పీఐ షెడ్యూల్‌లో భార్య పేరు, పాన్, వడ్డీ మొత్తం చూపాలి. ఆ వడ్డీ మీద కోసిన టీడీఎస్‌ను తానే వాడుకోవాలి. అందుకు భార్య బ్యాంకుకు ముందుగా ఒక డిక్లరేషన్ ఇవ్వాలి.

కోడలికి మామగారో అత్తగారో ఇచ్చిన ఆస్తికి కూడా భార్యకు ఇచ్చినదానికి ఉన్న నియమమే. ఆదాయం ఇచ్చినవారి లెక్కలో కలుస్తుంది. అల్లుడికి ఇస్తే కలవదు. పెద్ద కూతురికి, పెద్ద కొడుకుకి, తల్లిదండ్రులకు ఇచ్చినా కలవదు. కూతురికి పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఇంటి అద్దె ఆమె ఆదాయమే. కోడలికి ఇచ్చిన ఇంటి అద్దె మాత్రం మామగారిది. అల్లుడికి, కోడలికి మధ్య ఈ తేడాను సమర్థించే కారణం ఈ రోజుల్లో కనిపించదు.

మైనర్ పిల్లల విషయం ఇంకా కఠినం. ఇక్కడ ఎవరిచ్చారన్నది చూడరు. తాతగారు మనవడి పేరున వేసిన డిపాజిట్ వడ్డీ కూడా తల్లిదండ్రుల్లో ఎవరి ఆదాయం ఎక్కువైతే వారి లెక్కలో కలుస్తుంది. పాత పన్ను విధానంలో ఒక్కో బిడ్డకు 1,500 రూపాయల మినహాయింపు ఉంది, కొత్త విధానంలో అదీ లేదు. పిల్లలు సొంత శ్రమతోనో ప్రతిభతోనో సంపాదించింది, చట్టం గుర్తించిన వైకల్యం ఉన్న పిల్లల ఆదాయం మాత్రం కలపరు. పద్దెనిమిదేళ్లు నిండాక వచ్చే ఆదాయం ఆ బిడ్డదే అవుతుంది.

కానుక ఎవరికైనా కాగితం తప్పనిసరి. డబ్బయితే బ్యాంకు ద్వారానే పంపాలి. 2 లక్షలు లేదా అంతకు మించి నగదుగా పుచ్చుకుంటే, బంధువైనా సరే, అంతే మొత్తం జరిమానా పడవచ్చు. ఇల్లు, స్థలం అయితే ఇద్దరు సాక్షులతో గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ చేయించాలి. అలా వచ్చిన ఆస్తిని తర్వాత అమ్మితే, లాభం లెక్కకు తీసుకునేది ఇచ్చినవారు కొన్న ధరే, వారు కొన్న తేదీయే. అందువల్ల వారి పాత పత్రాలు, రసీదులు కూడా కానుకతో పాటే తీసుకుని దాచుకోవాలి.