గోల్ కాని కార్నర్లను కూడా రాసుకోవాలి

2024 డిసెంబర్ 4న లండన్‌లో ఆర్సెనల్ 2-0తో మాంచెస్టర్ యునైటెడ్‌ను ఓడించింది. రెండు గోల్సూ కార్నర్ల మీదే వచ్చాయి. మొదటి కార్నర్‌ను డెక్లన్ రైస్ కొడితే, దగ్గరి పోస్ట్ దగ్గర టింబర్ తలతో తాకించి లోపలికి పంపాడు. రెండోదాన్ని బుకాయో సాకా కొట్టాడు. దూరపు పోస్ట్ వైపు వెళ్లిన బంతిని పార్టే హెడ్ చేస్తే, అది సలీబాకు తగిలి గోల్ అయింది.

ఆ ఆటను వీడియోలో చూసే విశ్లేషకుడు ప్రతి కార్నర్‌కూ ఒక వరస రాసుకుంటాడు. ముందుగా బంతి ఎలా వచ్చిందో రాస్తాడు. ఎడమ మూల నుంచి కుడికాలితో కొడితే బంతి గోల్ వైపు వంగుతుంది, దాన్ని ఇన్‌స్వింగర్ అంటారు. గోల్ నుంచి బయటికి వంగేది అవుట్‌స్వింగర్. పక్కనున్నవాడికి చిన్న పాస్ ఇస్తే షార్ట్ కార్నర్. తర్వాత ఏ చోటికి కొట్టాడో రాస్తాడు: దగ్గరి పోస్ట్, గోల్ ముందు నడుమ, దూరపు పోస్ట్, పెనాల్టీ స్పాట్ పరిసరం, బాక్స్ అంచు. చివర ఏం జరిగిందో రాస్తాడు.

ఈ మూడింటిలో తప్పు ఎక్కువగా దొర్లేది రెండోదానిలోనే. బంతి పడిన చోటూ, కొట్టినవాడు అనుకున్న చోటూ ఒకటి కావు. దూరపు పోస్ట్‌కని కొట్టిన బంతి కాస్త తక్కువై మొదటి డిఫెండర్ తలకు తగిలితే, దాన్ని ‘దగ్గరి పోస్ట్’ అని రాయకూడదు. దాడి చేసేవాళ్లు ఎటు పరిగెత్తారో చూస్తే అసలు గురి తెలుస్తుంది. అందుకే బంతి కాలి నుంచి బయల్దేరగానే వీడియో ఆపి, పరుగులు చూసి గురి రాసుకోవాలి, ఫలితం ఆ తర్వాతే చూడాలి. గోల్ పడిందని ముందే తెలిస్తే, అది పథకం ప్రకారమే జరిగినట్టు కనిపిస్తుంది. ఒకే ఆటను ఇద్దరు విడివిడిగా రాసి పోల్చుకుంటే, నిర్వచనాలు ఎక్కడ వదులుగా ఉన్నాయో వెంటనే బయటపడుతుంది.

ఇక ఫలితం. పెద్ద లీగుల్లో వంద కార్నర్లు కొడితే సుమారు మూడే గోల్ అవుతాయి. ఒక జట్టుకు సీజన్‌లో రెండు వందల కార్నర్లు వచ్చాయనుకుందాం. గోల్స్ ఆరో ఏడో ఉంటాయి. ఆ రెండు వందలనూ రెండు మూలలు, మూడు రకాల బంతి, ఐదు చోట్లుగా విడదీస్తే ముప్ఫై గదులవుతాయి. చాలా గదుల్లో గోల్ ఒక్కటీ ఉండదు, ఏదో ఒక గదిలో రెండు పడతాయి. ఆ రెండింటినీ చూసి ‘ఇదే మన ఆయుధం’ అనుకుంటే అది అదృష్టాన్ని పథకమని నమ్మడమే.

కాబట్టి ఫలితాన్ని గోల్, గోల్ కాదు అని రెండు ముక్కల్లో రాస్తే చాలదు. మొదట బంతిని తాకింది మనవాడేనా? ఆ తాకుడు షాట్ అయిందా? డిఫెండర్ కొట్టేస్తే, తిరిగొచ్చిన బంతి మళ్లీ మనకే దొరికిందా? నా లెక్కలో మొదటి తాకుడే అన్నిటికన్నా విలువైన గడి. అది గోల్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువసార్లు జరుగుతుంది, పైగా పరుగులూ బంతీ కలిశాయా లేదా అన్నది నేరుగా చెబుతుంది.

ఇప్పుడు సాకా కార్నర్ దగ్గరికి వద్దాం. అదే ఏడాది సెప్టెంబర్ 15న టాటెన్‌హామ్‌పై ఆర్సెనల్ 1-0తో గెలిచింది. ఆ గోల్ కూడా సాకా కార్నర్ మీదే వచ్చింది. దూరపు పోస్ట్ దగ్గర గాబ్రియేల్ హెడ్ చేశాడు. యునైటెడ్‌తో ఆటకు గాబ్రియేల్ లేడు. అయినా దూరపు పోస్ట్ దగ్గర పార్టే తల ముందుగా తగిలింది. మనిషి మారినా కొట్టేవాడూ, గురీ, మొదటి తాకుడూ నిలబడ్డాయంటే, వెతకాల్సిన నమూనా అక్కడ ఉందని అర్థం. ఆర్సెనల్‌లో ఈ పని చూసేది నికోలా జోవర్ అనే ప్రత్యేక కోచ్. 2023-24 ప్రీమియర్ లీగ్‌లో ఆ జట్టు కార్నర్ల మీద 16 గోల్స్ చేసింది.

అయినా రెండు గోల్స్ రుజువు కావు. గోల్ కాని సాకా కార్నర్లన్నీ తీసి, దూరపు పోస్ట్‌కు గురిపెట్టినవాటిలో మొదటి తాకుడు ఎన్నిసార్లు దక్కిందో, మిగతా చోట్లకు కొట్టినప్పుడు ఎన్నిసార్లు దక్కిందో పక్కపక్కన పెట్టాలి. సీజన్ మొదటి సగంలో కనిపించిన తేడా రెండో సగంలోనూ ఉంటేనే నమ్మాలి. అక్కడ తేడా తగ్గితే, ఎదుటి జట్టు ఏం మార్చిందో చూడాలి. అందుకే వాళ్లు మనిషిని పట్టుకుని కాపలా కాశారా, చోటును కాశారా అన్నది కూడా ప్రతి వరసలో ఉండాలి.

ఫ్రీకిక్‌లను ఈ పట్టికలో కలపకూడదు. కార్నర్ ఎప్పుడూ ఒకే చోటు నుంచి కొడతారు, ఆఫ్‌సైడ్ ఉండదు. ఫ్రీకిక్ ఎక్కడి నుంచైనా రావచ్చు, డిఫెండర్ల గీత ఎక్కడ నిలబడితే పరుగులు అక్కడ మొదలవుతాయి. పక్క నుంచి బాక్స్‌లోకి వేసే ఫ్రీకిక్‌లకు వేరే పట్టిక పెట్టి, కొట్టిన చోటునూ ఆ గీత ఎత్తునూ రాయాలి. సూటిగా గోల్‌కు కొట్టేవి ఇంకో పట్టికలోకి వెళ్తాయి.