పీసీఆర్‌లో లేని క్షయ ఎలా కనిపిస్తుంది?

క్షయ క్రిమిని ప్రయోగశాలలో పెంచి చూడాలంటే వారాలు పడుతుంది. పీసీఆర్ క్రిమిని పెంచదు. కఫంలో దాని డీఎన్ఏ ఉంటే అందులోని ఒక చిన్న ముక్కకు నకళ్లు తీస్తుంది. దాదాపు 95 డిగ్రీల వేడిలో డీఎన్ఏ పోగులు రెండూ విడిపోతాయి. వేడి తగ్గగానే ప్రైమర్లు తమకు సరిపోయే చోట అతుక్కుంటాయి. అక్కడి నుంచి ఎంజైమ్ కొత్త పోగు అల్లుతుంది. ఇలా ఒక్కో చుట్టుకు నకళ్లు రెట్టింపవుతాయి.

ఏ ముక్కకు నకళ్లు తీయాలో నిర్ణయించేవి ప్రైమర్లే. క్షయ క్రిమి వర్గానికే ప్రత్యేకమైన ఐఎస్6110 భాగంలో 123 అక్షరాల ముక్క కోసం 1990లో ప్రచురితమైన జంట ఇది:

```
CCTGCGAGCGTAGGCGTCGG
CTCGTCCAGCGCCGCTTCGG
```

ఒక్కోదానిలో 20 అక్షరాలుంటే వాటిలో 15 జీ, సీలే, అంటే 75 శాతం. పాఠ్యపుస్తకాలు 40 నుంచి 60 శాతం మేలంటాయి. కానీ క్షయ క్రిమి జన్యురాశిలోనే ఇవి దాదాపు 65 శాతం కాబట్టి ఆ నియమాన్ని ఇక్కడ సడలించక తప్పదు. రెండింటిలోనూ లెక్క సమానంగా ఉండటం ముఖ్యం, ఎందుకంటే రెండూ ఒకే వేడి దగ్గర అతుక్కోవాలి. అల్లిక మొదలయ్యేది కుడి కొస నుంచి. అక్కడున్న జీలు పట్టును గట్టిపరుస్తాయి. జీకి జత సీ కాబట్టి ఆ రెండు కొసలూ ఒకదాన్నొకటి పట్టుకోవు. అన్నట్టు, దక్షిణ భారతంలో దొరికిన కొన్ని క్షయ క్రిముల్లో ఐఎస్6110 అసలు లేదు. అలాంటివి ఈ పరీక్షకు చిక్కవు.

అసలు చిక్కు నకళ్లతోనే. 30 చుట్లు సాఫీగా సాగితే ఒక్క ముక్క 107 కోట్లవుతుంది. 50 మైక్రోలీటర్ల గొట్టం మూత తీసినప్పుడు అందులో యాభై వేలో వంతు తుంపరగా లేచినా ఇరవై వేలకు పైగా నకళ్లు బయటపడతాయి. పిపెట్‌కో, చేతి తొడుగుకో అంటిన ఆ నకళ్లలో ఒక్కటి రేపటి రోగి గొట్టంలో పడినా చాలు, ప్రైమర్లు దాన్నే పట్టుకుంటాయి. కఫంలో క్రిమి లేకున్నా ఫలితం పాజిటివ్.

ఇది ఊహ కాదు. 1994లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఏడు ప్రయోగశాలలకు గుర్తు తెలియని నమూనాలిచ్చి ఐఎస్6110 పరీక్ష చేయిస్తే, తప్పుడు పాజిటివ్‌లు చాలాచోట్ల 3 నుంచి 20 శాతం దాకా వచ్చాయి. ఒకచోట 77 శాతం.

అందుకే మిశ్రమం కలిపే గది, నమూనా చేర్చే గది, నకళ్లు తీసే గది వేరుగా ఉంచుతారు. చివరి గది నుంచి వెనక్కి ఏ వస్తువూ రాకూడదు. డీఎన్ఏకు బదులు నీళ్లు పోసిన గొట్టాన్ని కూడా ప్రతిసారీ నడుపుతారు. అందులో పాజిటివ్ వస్తే ఆ విడత మొత్తం చెల్లదు. రాకపోయినా పూర్తి భరోసా లేదు, తుంపర ఒకే గొట్టంలో పడి ఉండవచ్చు. అనుమానం వస్తే మిగిలిన కఫం నుంచి డీఎన్ఏను మళ్లీ తీసి, జన్యురాశిలో మరోచోట అతుక్కునే ప్రైమర్లతో చూడాలి. పాత నకలులో 123 అక్షరాలే ఉంటాయి కాబట్టి కొత్త ప్రైమర్లకు అది చిక్కదు. నిజమైన క్రిమి ఉంటే చిక్కుతుంది. అయితే పక్క రోగి కఫమే కలిసిపోతే ఈ ఉపాయం పనిచేయదు. అప్పుడు రోగి నుంచి కొత్త నమూనా తీసుకోవాల్సిందే.