సాయం అడిగే నాలుగు వాక్యాలు

"మా మేనమామకు గుండె ఆపరేషన్, 4 లక్షలు అవుతుంది, ధాతలు ధయచేసి ఆదుకోండి, లేకపోతే రెండు రోజుల్లో చనిపోతాడు!!!" ఆన్‌లైన్‌లో చందాలకు ఓ మేనల్లుడు రాసుకున్న విన్నపం ఇలా ఉందనుకుందాం.

'దాతలు', 'దయచేసి' అని ఒత్తులు తీసేస్తాం. లక్షలు కాబట్టి 'అవుతాయి' అంటాం. అసలు పని ఆ తర్వాతే ఉంది. రెండు రోజుల మాట డాక్టరు అన్నదా, ఇంటివాళ్ల భయమా? అడిగితే, ఈ నెలలో బైపాస్ చేయాలన్నారట. బీమా లక్షన్నర ఇస్తోంది, కుటుంబం లక్ష కూడబెట్టింది. ఆ సంగతి దాచి మొత్తం 4 లక్షలూ అడగడం అబద్ధం కిందే లెక్క.

దిద్దాక ఇలా: "మా మేనమామకు ఈ నెలలో బైపాస్ చేయాలని డాక్టర్లు చెప్పారు. ఖర్చు సుమారు 4 లక్షలు. బీమా, మా డబ్బు పోగా ఇంకా లక్షన్నర కావాలి. వీలైనంత సాయం చేయగలరు."

ఆసుపత్రి ఇచ్చిన ఖర్చు అంచనా కాగితం జతచేయండి. అందులో ఫోను, ఆధార్ నంబర్లు కనిపించకుండా చూడండి. డబ్బు మిగిలితే ఏం చేస్తారో ముందే రాయండి.