ఎంత శాతం పెంపు అడగాలి?

వేరొక సంస్థ నుంచి మెరుగైన వేతనంతో పిలుపు వచ్చినప్పుడు, పాత ఉద్యోగంలోనే కొనసాగాలనుకునేవారు యజమానిని ఎంత పెంపు కోరాలి? జీతంలో నెలనెలా అందే స్థిర భాగంతో పాటు, కమీషన్‌ వంటి మారే భాగం కూడా ఉన్నప్పుడు ఈ లెక్క తరచుగా తప్పుతుంది.

మందుల అమ్మకాల విభాగంలో పనిచేసే ఒక యువకుడిని ఉదాహరణగా తీసుకుందాం. అతని జీతం నెలకు 50,000, అంటే ఏడాదికి 6,00,000 రూపాయలు. కమీషన్‌ రూపంలో ఏటా సుమారు 1,20,000 అందుతోంది. మొత్తం 7,20,000. కొత్త సంస్థ ఇస్తానన్న మొత్తం 8,64,000. తేడా 1,44,000 రూపాయలు.

ఈ తేడా ప్రస్తుత మొత్తంలో 20 శాతం. కనుక 20 శాతం పెంపు చాలునని తోస్తుంది. కానీ పెరిగేది జీతం మాత్రమే. కమీషన్‌ అమ్మకాలను బట్టి వస్తుంది కాబట్టి జీతంతో పాటు పెరగదు. 6,00,000పై 20 శాతం అంటే 1,20,000 మాత్రమే. ఇంకా 24,000 తక్కువవుతుంది. తేడా మొత్తాన్ని జీతమే మోయాలి గనుక, దానిని జీతంతోనే భాగించాలి. 1,44,000ను 6,00,000తో భాగించి నూరుతో గుణిస్తే 24 శాతం వస్తుంది. అప్పుడు జీతం 7,44,000, కమీషన్‌ 1,20,000 కలిసి సరిగ్గా 8,64,000 అవుతాయి.

అయితే కొన్ని సంస్థలలో మారే భాగాన్ని జీతంలో ఇంత శాతమని నిర్ణయిస్తారు. ఈ యువకునికి అది జీతంలో 20 శాతంగా ఉంటే, జీతం పెరిగినప్పుడు అదీ పెరుగుతుంది. అక్కడ 20 శాతం పెంపే సరిపోతుంది. కాబట్టి ముందుగా నియామక పత్రంలో ఆ వాక్యాన్ని చదవాలి.

కొత్త సంస్థ చెప్పిన అంకెనూ విడదీసి చూడాలి. ఆ 8,64,000లో 7,44,000 జీతం, మిగిలిన 1,20,000 'గరిష్ఠంగా' లభించే ప్రోత్సాహకం అనుకుందాం. అక్కడి ఉద్యోగులకు వాస్తవంగా అందులో సగమే అందుతోందని విచారణలో తేలితే, నిజమైన మొత్తం 8,04,000. అప్పుడు తేడా 84,000కు తగ్గి, కోరవలసిన పెంపు 14 శాతమే అవుతుంది.

యజమాని చెల్లించే భవిష్య నిధి వాటాను, గ్రాట్యుటీని కూడా కొన్ని సంస్థలు వార్షిక మొత్తంలో కలిపి చూపుతాయి. అవి నెలనెలా చేతికి రావు. ఒకవైపు వాటిని కలిపి, మరొకవైపు వదిలేస్తే పోలిక చెడుతుంది. రెండు వైపులా కలపాలి, లేదా రెండు వైపులా తీసివేయాలి.

ఇలా తేల్చిన శాతాన్ని, దాని వెనుక ఉన్న లెక్కతో సహా ఒక కాగితంపై రాసి యజమాని ముందుంచితే, సంభాషణ బేరంగా మారకుండా లెక్క చుట్టూనే సాగుతుంది.